మోల్డ్ మార్పుకు ఆరు వేలా, పదిహేను వందలా? బ్యాచ్ పరిమాణంపై అపోహలు - వాస్తవాలు

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ ప్రాంతాల చిన్న ఫ్యాక్టరీలకు ఉత్పత్తి ప్రణాళిక, ఖర్చుల లెక్కలు చూసిపెట్టడం నా వృత్తి. ఏ షెడ్డులో అడుగుపెట్టినా నాకు ఒకే మాట వినిపిస్తుంది: "సెటప్‌కి బోలెడు ఖర్చండీ, ఒకసారి మెషిన్ ఎక్కించాక వీలైనంత లాగేయాలి." ఆ బోలెడు ఎంత అని అడిగితే చెప్పే అంకె దాదాపు ప్రతిచోటా తప్పే. అందుకే ఈసారి ఆ ఒక్క అపోహ గురించే వివరంగా రాస్తున్నాను.

అపోహ: సెటప్ జరిగినంతసేపూ ఆగిన మెషిన్ గంటల ధర, నిలబడిన మనుషుల జీతం కలిపితేనే సెటప్ ఖర్చు అవుతుంది.

వాస్తవం: మెషిన్‌కు ఖాళీ సమయం ఉన్నంతకాలం, సెటప్ చేసినందువల్ల అదనంగా చేతి నుంచి పోయే డబ్బు మాత్రమే సెటప్ ఖర్చు.

బరంపురం శివార్లలో పచ్చడి సీసాలకు ప్లాస్టిక్ మూతలు చేసే ఒక యూనిట్ లెక్క చూద్దాం. తండ్రి నుంచి ఈమధ్యే బాధ్యత తీసుకున్న కుర్రవాడు దాన్ని నడుపుతున్నాడు. ఒకే మెషిన్ మీద 5 రకాల సరుకు తయారవుతుంది. అందులో ఎర్ర మూత రోజుకు 2,000 చొప్పున, 300 పనిదినాలకు ఏడాదికి 6,00,000 పోతుంది. మెషిన్ మీద ఆ మోల్డ్ ఉన్నప్పుడు రోజుకు 8,000 మూతలు వస్తాయి. మూతకు పడే ఖర్చు 2 రూపాయలు. దాన్ని ఏడాది పాటు నిల్వ ఉంచితే వడ్డీ, చోటు, పాడైనవి అన్నీ కలిపి అర్ధ రూపాయి అవుతుంది.

అతని పుస్తకంలో ఒక మోల్డ్ మార్పు ఖర్చు 6,000 అని ఉంది. విడదీయమంటే ఇలా చెప్పాడు: పాత రంగును బయటికి తోయడానికీ, మొదట్లో పనికిరాకుండా పోయే మూతలకూ పట్టే ప్లాస్టిక్ 800, మెషిన్ వేడెక్కడానికి కరెంటు 200, బయటి నుంచి వచ్చి మోల్డ్ బిగించే మేస్త్రీకి 500, ముగ్గురు పనివాళ్ళ సగం రోజు కూలి 900, గంటకు 900 చొప్పున 4 గంటల మెషిన్ రేటు 3,600. నేను ఒక్కటే అడిగాను: "రేపటి మోల్డ్ మార్పు మానేస్తే ఈ నెల గల్లాపెట్టెలో ఎంత మిగులుతుంది బాబూ?" పనివాళ్ళకు నెలజీతమే కాబట్టి వాళ్ళ 900 మిగలదు. మెషిన్ రేటులో ఉన్నది తరుగుదల, షెడ్డు అద్దె, మేనేజరు జీతం కాబట్టి ఆ 3,600 కూడా మిగలదు. మిగిలేది 1,500 మాత్రమే. ఓవర్‌టైమ్ ఇచ్చి రాత్రిపూట మార్పిస్తే ఆ ఓవర్‌టైమ్‌ను తప్పక కలపాలి, అది నిజంగా పోయే డబ్బే.

ఎంత బ్యాచ్ చేస్తే సెటప్, నిల్వ ఖర్చులు కలిపి అతి తక్కువవుతాయో చెప్పే సూత్రం మీకు తెలిసినదే:

```
Q = sqrt( 2*D*S / (H*(1 - d/p)) )
```

ఇక్కడ `Q` బ్యాచ్ పరిమాణం, `S` ఒక సెటప్ ఖర్చు. ఏడాది వాడకం `D` 6,00,000, ఒక మూతను ఏడాది నిల్వ ఉంచే ఖర్చు `H` 0.50, రోజు వాడకం `d`ని రోజు తయారీ `p`తో భాగిస్తే వచ్చే `d/p` పావు వంతు. `S` 1,500 అయితే బ్యాచ్ 69,282, అంటే 70,000 అనుకోవచ్చు. `S` 6,000 అని వేస్తే బ్యాచ్ సరిగ్గా రెట్టింపై 1,38,564 అవుతుంది. నిజమైన సెటప్ ఖర్చుతో చూస్తే 70,000 బ్యాచ్‌కు సెటప్, నిల్వ రెండూ కలిపి ఏడాదికి సుమారు 26,000 రూపాయలు, 1,40,000 బ్యాచ్‌కు దాదాపు 32,700. ఈ తేడా అంత పెద్దదిగా కనిపించకపోవచ్చు. కానీ సెటప్ భారమన్న భయం ఆ అంకె దగ్గర కూడా ఆగదు. ఆ యూనిట్‌లో నిజానికి ఒక్కో విడతకు 3,00,000 మూతలు చేసేవారు. దాని వార్షిక ఖర్చు 59,250. నిల్వ శిఖరానికి చేరినప్పుడు గోదాములో 2,25,000 మూతలు, వాటిలో నాలుగున్నర లక్షల రూపాయలు చిక్కుకుని ఉండేవి. 70,000 బ్యాచ్‌తో అది లక్షా ఐదు వేలకు మించదు.

ఇంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. 3,00,000 మూతలకు మెషిన్ 37 రోజులకు పైగా ఆ ఒక్క మోల్డ్‌తోనే ఉండాలి. ఈలోగా మిగిలిన నాలుగు రకాల్లో ఏదో ఒకటి అయిపోతుంది, కొనేవాడు ఫోన్ మీద ఫోన్ చేస్తాడు, నడుస్తున్న మోల్డ్‌ను మధ్యలోనే దింపుతారు. ఆ యూనిట్ సెటప్ రిజిస్టరు తిరగేస్తే, ఏడాదికి రెండుసార్లే ఎక్కిస్తున్నామని అనుకున్న ఎర్ర మూత మోల్డ్ నిజానికి 7 సార్లు ఎక్కింది. సెటప్ తప్పించుకోవడానికి పెద్ద బ్యాచ్ పెట్టుకుని, నిల్వ భారమూ మోసి, సెటప్ డబ్బూ కట్టారన్నమాట. మీ దగ్గర గోదాము ఒక సరుకుతో నిండి, ఇంకో సరుకుకు కటకట ఉంటే ముందు ఆ రిజిస్టరే చూడండి.

ఈ తప్పు నేనూ చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో కాస్ట్ షీటులో ఉన్న మెషిన్ గంట రేటును అలాగే సూత్రంలో పెట్టి, ఒక యజమానికి పెద్ద బ్యాచ్ సిఫారసు చేశాను. ఆరు నెలల తర్వాత ఆయన బ్యాంకు సీసీ లిమిట్ అంచుకు చేరి, ముడిసరుకు కొనడానికి చేబదులు తెచ్చుకోవలసి వచ్చింది. అందుకే "బ్యాచ్ తగ్గిస్తే నాన్నగారు ఊరుకోరు సార్" అని ఆ కుర్రవాడు అన్నప్పుడు అతని దిగులు నాకు అర్థమైంది. పెద్దాయనకు సూత్రం చూపించవద్దు, రిజిస్టరులోని 7 సెటప్‌లను చూపించమని చెప్పాను.

అయితే ఈ వాస్తవానికి ఒక హద్దు ఉంది: మెషిన్‌కు ఖాళీ ఉండాలి. దాన్ని ఇలా తేల్చుకోవచ్చు. ఎర్ర మూతకు ఏడాదికి 75 రోజులు చాలు. ఐదు రకాలకూ కలిపి 240 రోజులు. 300లో 60 రోజులు మిగిలాయి. ఒక్కో మార్పుకు సగం రోజు చొప్పున 120 మార్పులు పడతాయి. కొత్త బ్యాచ్‌లతో అన్ని రకాలకూ కలిపి 44 మార్పులే అవసరమయ్యాయి, అంటే 22 రోజులు. కాబట్టి ఆగిన గంటకు ధర లేదు. అదే ఉత్పత్తికే 285 రోజులు పట్టే మెషిన్ అయితే 30 మార్పులకే చోటుంటుంది. అప్పుడు ఆగిన ప్రతి గంటా ఒక అమ్మకాన్ని పోగొడుతుంది. మార్పులు 30లోపు సర్దుకునేవరకు సెటప్ ఖర్చులో గంటకు కొంత విలువ కలుపుతూ అన్ని రకాల బ్యాచ్‌లనూ పెంచుకుంటూ పోవాలి. కాస్ట్ షీటులోని రేటుకు అప్పుడు కూడా సంబంధం లేదు.

మిగిలిన అపోహలను క్లుప్తంగా చెబుతాను. సూత్రం 69,282 అంటే సరిగ్గా అంతే చేయాలన్నది వట్టి భయం. బ్యాచ్‌ను 20 శాతం పెంచినా ఖర్చు పెరిగేది 2 శాతంలోపే. కాబట్టి గ్రాన్యూల్స్ బస్తాలకు, వారాలకు సరిపడేలా నిశ్చింతగా సర్దుకోవచ్చు. ఐదు రకాలూ ఒకే మెషిన్ మీద ఒకదానితో ఒకటి ఢీకొనకుండా ఒకే చక్రంలో తిప్పుకోవడానికి వీలయ్యేది కూడా అందువల్లనే. ఎర్ర మూత 70,000 అంటే 35 రోజుల చక్రం.

కొనే సరుకు సూత్రాన్నే చేసే సరుకుకూ వాడవచ్చా అంటే, 1913లో హారిస్ లెక్కలో సరుకంతా ఒక్కసారే చేతికి వస్తుంది, మనం పైన వాడిన 1918 నాటి టాఫ్ట్ లెక్కలో తయారవుతూ ఉండగానే ఖర్చవుతూ ఉంటుంది. మన మూతకు `d/p` ఊసే లేని హారిస్ పాత సూత్రం 60,000 చూపిస్తుంది, దానివల్ల నష్టం 1 శాతం. కానీ వాడకం తయారీ వేగంలో 90 శాతం ఉన్న సరుకుకు అసలు బ్యాచ్ పాత సూత్రం చెప్పినదానికి మూడు రెట్లకు పైగా ఉంటుంది. అక్కడ పాత సూత్రం పనికిరాదు.

మామిడికాయల రోజుల్లో మూతల వాడకం పెరిగితే రోజుకు 2,000 అన్న అంకె చెల్లదు. ఆ నెలలకు వేరే `d`, దానికి తగిన `D` వేసుకుని మళ్ళీ లెక్క కట్టాలి. సీజన్ ముగిసేనాటికి నిల్వ మామూలు స్థాయికి దిగేలా చివరి బ్యాచ్‌ను చేత్తోనే తగ్గించుకోవాలి. ఆ యూనిట్‌లో ఇప్పుడు అదే పద్ధతి నడుస్తోంది.