నీళ్లలా కనిపించే సీసా

మా పెదనాన్నకి షుగర్. రెండేళ్ల కిందట కాలి మీద పుండు పడి, రోజూ ఇంట్లోనే డ్రెస్సింగ్ చేయాల్సి వచ్చింది. కిటికీ దగ్గర స్టీలు పళ్లెంలో మూడు సీసాలు ఉండేవి: పొవిడోన్, స్పిరిట్, పెరాక్సైడ్. ఒకరోజు పెరాక్సైడ్ సీసా మూత విరిగింది. ఒలికిపోతుందని ఎవరో దాన్ని ఖాళీ నీళ్ల బాటిల్లో పోసి అదే పళ్లెంలో పెట్టారు. ఆ రాత్రి మా పెద్దమ్మ బీపీ మాత్ర నోట్లో వేసుకుని, చేతికందిన ఆ బాటిల్ ఎత్తింది. నాలుకకి తగలగానే చుర్రుమంది, నోరంతా నురగ. వెంటనే ఉమ్మేసింది కాబట్టి సరిపోయింది. మర్నాడు అద్దంలో చూసుకుంటే నాలుక మీద అక్కడక్కడ తెల్లగా పాలిపోయి ఉంది.

పొవిడోన్‌ని ఎవరూ నీళ్లనుకోరు, ముదురు గోధుమ రంగులో ఉంటుంది. స్పిరిట్ మూత తీస్తే ఆస్పత్రి వాసన గుప్పుమంటుంది. పెరాక్సైడ్‌కి మాత్రం రంగు లేదు, చెప్పుకోదగ్గ వాసన కూడా లేదు. అది పెరాక్సైడ్ అని చెప్పేది సీసా మీది లేబుల్ ఒక్కటే. సీసా మారిస్తే ఆ ఒక్క ఆనవాలూ పోతుంది. పైగా అది వెలుతురు తగిలితే విరిగిపోయే మందు, అందుకే ముదురు రంగు సీసాలోనో వెలుగు చొరని తెల్ల ప్లాస్టిక్ సీసాలోనో అమ్ముతారు. పారదర్శకమైన నీళ్ల బాటిల్ దానికి రెండు విధాలా తగదు.

లేబుల్ మీద ‘హైడ్రోజన్ పెరాక్సైడ్’ అనీ, పక్కన 6 శాతం అనీ, ‘20 వాల్యూమ్స్’ అనీ రాసి ఉంటుంది. 3 శాతం సీసాల మీద ‘10 వాల్యూమ్స్’ అని ఉంటుంది. ఈ వాల్యూమ్స్ అన్న మాటని మనం పట్టించుకోం గానీ, తాగితే ఏమవుతుందో చెప్పేది అదే. 20 వాల్యూమ్స్ అంటే, ఒక మిల్లీలీటరు మందు పూర్తిగా విరిగితే 20 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వస్తుందని అర్థం. మన ఒంట్లో, ముఖ్యంగా రక్తంలో, కాటలేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది తగలగానే పెరాక్సైడ్ నీరుగా, ఆక్సిజన్‌గా విడిపోతుంది. పుండు మీద బుసబుసా పొంగే నురగ అదే. ఇప్పుడు ఒక గుక్క, అంటే 30 మిల్లీలీటర్లు, మింగారనుకుందాం. 30ని 20తో హెచ్చిస్తే 600. అర లీటరుకి మించిన గాలి కడుపులో పుడుతుంది. కడుపు ఉబ్బుతుంది, వాంతులవుతాయి. లోపలి పొర పుండుపడచ్చు. అరుదుగా ఆ బుడగలు రక్తనాళాల్లోకి చేరి రక్తానికి అడ్డుపడతాయి కూడా.

ఇంట్లో వాడే పల్చటి మందు ఒక గుక్కతో చాలామంది తేరుకుంటారు. అసలు ప్రాణగండం ‘ఫుడ్ గ్రేడ్’ పేరుతో దొరికే 35 శాతం ద్రావణంతో. ఆ పేరు చూసి తాగచ్చేమో అనుకోకండి. ఆహార పరిశ్రమలో ప్యాకింగ్ శుభ్రం చేయడం లాంటి పనుల కోసం తయారుచేసే రకం అది. దాన్ని ఒక గుక్క మింగితే పుట్టే గాలి మూడు లీటర్లకు పైనే. చుక్కలుగా నీళ్లలో కలుపుకుని తాగితే రోగాలు పోతాయని ప్రచారం చేసేవాళ్లున్నారు. ఆక్సిజన్ ఒంటికి చేరాల్సింది ఊపిరితిత్తుల దారిలో, పొట్టలోంచి కాదు.

పొవిడోన్ దగ్గర వచ్చే పొరపాటు వేరు. అందులో అయోడిన్ ఉంది కదా, ఉప్పులోనూ అదే కదా అనుకుంటారు. లేబుల్ మీద ‘పొవిడోన్ అయోడిన్ 10 శాతం’ అని పెద్ద అక్షరాలతో, కిందే ‘అవైలబుల్ అయోడిన్ 1 శాతం’ అని చిన్న అక్షరాలతో ఉంటుంది. ఆ చిన్న అక్షరాల ప్రకారం మిల్లీలీటరుకి 10 మిల్లీగ్రాములు, 5 మిల్లీలీటర్ల చెంచాకి 50 మిల్లీగ్రాములు. పెద్దవాళ్లకి రోజుకి కావాల్సిన అయోడిన్ సుమారు 150 మైక్రోగ్రాములు, అంటే మిల్లీగ్రాములో ఏడో వంతు. ఒక చెంచా మందులో దాదాపు పదకొండు నెలలకి సరిపడా అయోడిన్ ఉందన్నమాట. అది ఒక్కసారిగా లోపలికి వెళితే థైరాయిడ్ లయ తప్పవచ్చు, ఎక్కువ తాగితే పేగు పూత దెబ్బతిని కిడ్నీల దాకా పోవచ్చు. పసిపిల్లల ఒంటికి పూసిన మందు కూడా చర్మంలోంచి ఇంకి థైరాయిడ్‌ని ఇబ్బంది పెట్టగలదు.

ఇదే పొవిడోన్ పేరుతో గొంతు పుక్కిలించే సీసా కూడా వస్తుంది. అది 2 శాతం. దాని మీద ‘గార్గిల్’ అని ఉంటుంది, అదీ పుక్కిలించి ఉమ్మేయడానికే. రంగు ఒకటే, పేరు ఒకటే, తేడా ఆ ఒక్క మాటలోనూ అంకెలోనూ ఉంది. కంగారులో పుండు మందుతో పుక్కిలించేవాళ్లు ఇక్కడే తప్పుతారు.

ఇక స్పిరిట్. నా మటుకు మూడింటిలోనూ ఎక్కువ భయపడాల్సింది దీనికే, ఎందుకంటే తెలిసి తాగేవాళ్లు ఉన్నారు. 2020 జులై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో, కరోనా ఆంక్షలతో మద్యం దుకాణాలు మూసి ఉన్నప్పుడు, శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. స్పిరిటైనా శానిటైజరైనా ‘ఆల్కహాల్’ అన్న మాట చూసి మోసపోవడం ఒకటే. లేబుల్ మీద ఆ మాటకి ముందు ఏముందో చూడాలి. ఐసోప్రొపైల్ అని ఉంటే అది వేరే ఆల్కహాల్. ఒంట్లో అసిటోన్‌గా మారుతుంది, తక్కువకే మనిషిని స్పృహ తప్పిస్తుంది. డినేచర్డ్ అనో మిథైలేటెడ్ అనో ఉంటే, తాగకూడదనే అందులో ఏదో కలిపారని అర్థం. కొన్నిసార్లు ఆ కలిపింది మిథనాల్.

మిథనాల్‌ని రుచితో, వాసనతో పోల్చుకోలేం. అది తాగిన మనిషి మొదటి కొన్ని గంటలు మామూలుగా మత్తులో ఉన్నట్టే ఉంటాడు. ‘ఏం కాలేదు, పడుకోనీ’ అంటారు ఇంట్లోవాళ్లు. ఈలోగా కాలేయం దాన్ని ఫార్మాల్డిహైడ్‌గా, ఆపై ఫార్మిక్ ఆమ్లంగా మారుస్తూ ఉంటుంది. చాలాసార్లు 12 నుంచి 24 గంటల మధ్య అసలు బాధ మొదలవుతుంది: కళ్ల ముందు మంచు కమ్మినట్టు మసక, ఆయాసం, కడుపునొప్పి. ఆ ఆమ్లం కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. ఆ దశ రాకముందే ఆస్పత్రికి చేరితే ఆ మార్పిడిని ఆపే మందు ఇవ్వచ్చు, డయాలసిస్‌తో విషాన్ని బయటికి తీయచ్చు. చూపు పోయాక చేరితే ప్రాణం దక్కినా చూపు తిరిగి రాకపోవచ్చు.

వీటిలో ఏది మింగినా వాంతి చేయించకండి. మింగేటప్పుడు కాల్చింది పైకి వచ్చేటప్పుడు మళ్లీ కాలుస్తుంది, ఊపిరితిత్తుల్లోకీ జారచ్చు. నోరు నీళ్లతో పుక్కిలించి ఉమ్మించి, 108కి ఫోన్ చేయండి. ఆస్పత్రికి వెళ్లేటప్పుడు సీసా వెంట తీసుకెళ్లండి. పెరాక్సైడ్‌కి చేసే వైద్యం వేరు, మిథనాల్‌కి వేరు. ఏ మందు, ఎంత శాతం, ఎంత తగ్గింది అన్నవి డాక్టరు ఆ లేబుల్ చూసే తెలుసుకుంటారు.

‘ఫర్ ఎక్స్‌టర్నల్ యూజ్ ఓన్లీ’, అంటే పైపూతకి మాత్రమే అన్న మాట ఇలాంటి సీసాల మీద ఉండి తీరాలని మన ఔషధ నియమాలు చెబుతున్నాయి. మా పెద్దమ్మకి ఇంగ్లిష్ రాదు. ఇప్పుడు ఆ మూడు సీసాల మెడకీ ఎర్రదారం కట్టి, ప్లాస్టర్ ముక్క మీద ‘తాగేది కాదు’ అని తనే తెలుగులో రాసి అంటించింది. పళ్లెం బీరువా పై అరలోకి మారింది, మంచినీళ్ల చెంబు మంచం దగ్గరే ఉంది.