ఫ్రీస్టైల్‌లో కాళ్లు మునుగుతున్నాయా? ముందు తల ఎక్కడుందో చూడండి

స్కూల్ పిల్లలకు ఈత నేర్పుతాను. 25 మీటర్లు హాయిగా ఈది, 50 పూర్తయ్యేసరికి ఆయాసపడే పిల్లల గురించే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: కాళ్లు మునుగుతున్నాయంటే కిక్ గట్టిగా కొట్టడం లేదని.

వాస్తవం: చాలాసార్లు కారణం కాళ్లలో ఉండదు. పదమూడేళ్ల అబ్బాయి ఒకడు ఎంత కొట్టినా కాళ్లు దిగిపోయేవి. గట్టు మీద వాడి పక్కనే నడుస్తూ చూశాను. ముఖం నీళ్లలో ఉన్నంతసేపూ కాళ్లు పైనే ఉన్నాయి. గాలి కోసం తల ముందుకు ఎత్తగానే నడుము కిందికి జారింది, కాళ్లు కత్తెరలా విడిపోయాయి. ఒళ్లు బ్యాలెన్స్ తప్పుతుంటే కాళ్లు అలా విడిపోయి ఆపుకుంటాయి. అలాంటి పిల్లవాడిని ఇంకా గట్టిగా కొట్టమంటే ఆయాసం పెరిగి, తల ఇంకా పైకి ఎత్తుతాడు.

వాడితో గట్టి కిక్ మాన్పించి, నీళ్లలో ఒక పక్కకు తిరిగి పడుకోమన్నాను. కుడివైపు గాలి తీసుకునేవాడు కాబట్టి ఎడమ చేయి ముందుకు చాచి, కుడి చేయి తొడ మీద పెట్టి, ముఖం నీళ్లలో ఉంచి ఆరు చిన్న కిక్కులు. తర్వాత తల ఎత్తకుండా పక్కకు తిప్పి గాలి తీసుకోవాలి. ఎడమ చెవి నీళ్లలోనే, ఎడమ కన్ను గాగుల్ కూడా నీళ్లలోనే ఉండాలి. రెండు గాగుల్స్ బయటికొస్తే తల ఎక్కువ తిరిగినట్టే.

అపోహ: నీళ్లలో ఊపిరి బిగబట్టి, పైకి వచ్చాక వదిలి మళ్లీ తీసుకోవాలని.

వాస్తవం: ముఖం బయట ఉండేది క్షణంపాటే. అందులో వదలడమూ, పీల్చడమూ రెండూ కుదరవు, అందుకే తల ఎక్కువసేపు బయటే ఉండిపోతుంది. పైగా ఊపిరాడనట్టు అనిపించేది ఎక్కువగా లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకోవడం వల్లే. ముఖం నీళ్లలోకి వెళ్లిన దగ్గర్నుంచి ముక్కు, నోటితో మెల్లగా వదులుతూనే ఉండాలి. బుడగలు కనిపించకపోతే పిల్లవాడు బిగబట్టినట్టే. ఊపిరి ఎంతసేపు బిగబడతారని పోటీలు మాత్రం పెట్టొద్దు, నీళ్లలోనే స్పృహ తప్పే ప్రమాదం ఉంది.

అపోహ: మోకాలు బాగా వంచితే కిక్‌కు బలం వస్తుందని.

వాస్తవం: అప్పుడు తొడ ముందుకొచ్చి నీటికి అడ్డం పడుతుంది. కదలిక తుంటి నుంచి మొదలవ్వాలి, మోకాలు కొద్దిగా వంగితే చాలు, పాదం వదులుగా వెనక్కి చాచి ఉండాలి. కిక్‌బోర్డ్ పట్టుకుని తల పైకెత్తి కొడితే నడుము దిగే అలవాటే బలపడుతుంది. నేను ముఖం నీళ్లలో పెట్టించి, పక్కకు గాలి తీసుకోమంటాను.

తల సరిగ్గా తిరుగుతున్నా కాళ్లు ఇంకా విడిపోతుంటే చాచిన చేయి చూడండి. గాలి తీసుకునే క్షణంలో ఆ చేయి నీటిని కిందికి నొక్కుతోందా, లేక తల ముందు నుంచి అవతలి వైపుకు దాటిపోతోందా? ఆ పదమూడేళ్ల అబ్బాయికి చివరికి మిగిలింది ఆ రెండో తప్పే. చేయి భుజానికి సూటిగా ముందుకు పెట్టించాక కత్తెర ఆగింది.