గంటైనా ఏమీ కాలేదు, ఇంకో ముక్క తిందాం

2014 మార్చి. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో గంజాయిని దుకాణాల్లో చట్టబద్ధంగా అమ్మడం మొదలై అప్పటికి మూడు నెలలు కూడా నిండలేదు. ఓ 19 ఏళ్ళ కుర్రాడు స్నేహితుడు కొనిచ్చిన గంజాయి కుకీ తిన్నాడు. అందులో గంజాయిలో మత్తెక్కించే పదార్థం టీహెచ్‌సీ మొత్తం 65 మిల్లీగ్రాములు ఉంది. అక్కడి లెక్కలో ఒక మనిషికి పది మిల్లీగ్రాములు, అంటే ఇది ఆరున్నర మందికి సరిపోయే మోతాదు. దుకాణంలో అమ్మే మనిషి ఆరు ముక్కలు చేసి ఒక్కటే తినమని చెప్పాడు కూడా, ఇతనూ బుద్ధిగా ఒక్క ముక్కే తిన్నాడు. అరగంట, గంట గడిచినా ఏమీ తేడా తెలియలేదు. దాంతో మిగిలిందంతా తినేశాడు. ఆ తర్వాత రెండు గంటల్లో మాటలు పొంతన లేకుండా పోయాయి, ఎదుటివాళ్ళ మీద కోపం, చివరికి నాలుగో అంతస్తు బాల్కనీ నుంచి దూకాడు. మొదటి ముక్క తిన్న మూడున్నర గంటలకు ఇదంతా అయిపోయింది. అంతకుముందు అతనికి మానసిక సమస్యలేవీ ఉన్న దాఖలా లేదు, రక్తంలో మద్యం లేదు. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2015లో ప్రచురించిన నివేదికలోని వివరాలివి.

ఈ కేసులో నన్ను ఆపేది ఆ అరగంట, గంటే. దమ్ము కొట్టే అలవాటున్న వాళ్ళకి ఆ సమయం చాలా ఎక్కువ, ఎక్కాల్సింది ఈపాటికి ఎక్కేసి ఉండాలి. తిన్నవాళ్ళకి అప్పటికి ఇంకా కథే మొదలుకాదు.

పొగ సంగతి ముందు చూద్దాం. ఊపిరితిత్తుల్లో గాలికీ రక్తానికీ మధ్య ఉన్నది చాలా పల్చటి పొర. టీహెచ్‌సీ అక్కడ రక్తంలో కలిసి, గుండెకు వెళ్ళి, అక్కడి నుంచి నేరుగా మెదడుకు చేరుతుంది. మూడు నుంచి పది నిమిషాల్లో రక్తంలో దాని పాళ్ళు గరిష్ఠానికి చేరతాయి. అంతే వేగంగా పడిపోతాయి కూడా, ఎందుకంటే టీహెచ్‌సీ నీళ్ళలో కరగదు, కొవ్వంటే ప్రాణం, రక్తాన్ని వదిలి ఒంట్లో కొవ్వున్న చోటల్లా సర్దుకుంటుంది. అందుకే పొగ తాలూకు మత్తు మామూలుగా రెండు నాలుగు గంటల్లో దిగిపోతుంది. ఇందులో ఒక వెసులుబాటు కూడా ఉంది: రెండు దమ్ములు లాగాక ఎక్కువైందో లేదో అప్పుడే తెలిసిపోతుంది, అక్కడితో ఆపేయొచ్చు.

తిన్నప్పుడు దారి పూర్తిగా వేరు. ముందు కడుపులో నానాలి, తర్వాత చిన్నపేగులోకి దిగాలి, అక్కడ కొవ్వుతో కలిసి మెల్లగా రక్తంలోకి ఇంకాలి. పేగుల నుంచి వచ్చే రక్తం నేరుగా ఒంటికి పోదు, ముందు కాలేయం గుండా పోవాల్సిందే, ఊరి పొలిమేరలో చెక్‌పోస్టు లాగా. అక్కడ ఎంజైములు టీహెచ్‌సీలో పెద్ద వాటాను మార్చేస్తాయి. తిన్నదాంట్లో నూటికి పదో అంతకంటే తక్కువో మాత్రమే టీహెచ్‌సీగా ఒంటికి చేరుతుంది. ఇది విన్నవాళ్ళకి వెంటనే ఒక సందేహం రావాలి. అంత తక్కువ చేరితే మత్తు తక్కువ కావాలి కదా, మరి ఎక్కువేంటి?

కిటుకు ఆ చెక్‌పోస్టులోనే ఉంది. కాలేయం సాధారణంగా విషాన్ని విరిచి పనికిరాకుండా చేస్తుంది, కానీ టీహెచ్‌సీ విషయంలో మొదటి మెట్టులో తయారయ్యేది 11-హైడ్రాక్సీ టీహెచ్‌సీ అనే ఇంకో పదార్థం. ఇదీ మత్తే. మెదడులోకి తేలిగ్గా దూరిపోతుంది, టీహెచ్‌సీకి ఏమాత్రం తీసిపోదు. పొగ పీల్చినప్పుడు ఇది రక్తంలో టీహెచ్‌సీతో పోలిస్తే చాలా కొద్దిగా ఉంటుంది. తిన్నప్పుడు మాత్రం దాదాపు సరిసమానంగా పోగవుతుంది. అంటే తిన్నవాడి తలకెక్కేది ఒక మత్తు కాదు, రెండు. పైగా పేగుల నుంచి సరుకు గంటల తరబడి కొద్దికొద్దిగా వస్తూనే ఉంటుంది కాబట్టి ఒక పక్క దిగుతుంటే ఇంకో పక్క నిండుతుంటుంది. సాధారణంగా అరగంట నుంచి రెండు గంటల్లో మొదలై, రెండు మూడు గంటలకు తారస్థాయికి వెళ్ళి, ఆరెనిమిది గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే ఉంటుంది. మర్నాడు పొద్దున తల మొద్దుగా ఉండటం కూడా మామూలే.

ఇప్పుడు ఆ కుకీ లెక్క మళ్ళీ చూడండి. పది మిల్లీగ్రాముల మొదటి ముక్క ఇంకా కడుపు దాటుతుండగానే దాని వెనక యాభైకి పైగా మిల్లీగ్రాములు వచ్చిపడ్డాయి. మొదటిది ఎక్కడం మొదలయ్యే సరికి రెండోది వెనక్కి తీసుకోలేని చోట ఉంది. ఇంకో సంగతి, చనిపోయాక అతని రక్తంలో దొరికిన టీహెచ్‌సీ మిల్లీలీటరుకు 7.2 నానోగ్రాములు. ఒక్క సిగరెట్టు గంజాయి పొగ తాగినవాడి రక్తంలో కాసేపటికి ఇది వంద దాటొచ్చు. మరణం తర్వాత రక్తంలో అంకెలు మారతాయన్న మాట నిజమే అయినా, తిన్న కేసుల్లో ఈ అంకె చూసి "ఇంతేనా" అనుకోకూడదన్నది మాత్రం ఖాయం.

మా బాబాయి కాశీ వెళ్ళినప్పుడు ఇదే పని చేశాడు, అదృష్టం బాగుండి కథ నవ్వులతోనే ముగిసింది. ఘాట్ దగ్గర సందులో భంగు లస్సీ ఒక గ్లాసు తాగి, "ఇందులో ఏముందిరా, చక్కెర వేసిన మజ్జిగ" అని ఇంకోటి తాగాడు. హారతి అయిపోయే వేళకు మెట్ల మీద కూర్చుని, ఐదు నిమిషాలకోసారి "రైలు వెళ్ళిపోయిందా?" అని అడగడం మొదలుపెట్టాడు. రైలు మర్నాడు రాత్రికి. "ఇప్పుడే కదా బాబాయ్ చెప్పాను" అంటే, "ఎప్పుడు? నిన్నా?" అనేవాడు. నోరు పిడచకట్టుకుపోయి, గుండె దడదడలాడుతుంటే చెయ్యి ఛాతీ మీద పెట్టుకుని తెల్లారేదాకా అలాగే ఉన్నాడు.

ఆ లక్షణాల్లో ఒక్కోదానికీ మెదడులో ఒక చిరునామా ఉంది. మన మెదడు తనంతట తానే గంజాయి లాంటి పదార్థం ఒకటి తయారు చేసుకుంటుంది. 1992లో జెరూసలేంలో రాఫెల్ మెషూలం అనే శాస్త్రవేత్త బృందం దాన్ని కనిపెట్టి, సంస్కృతంలోని ఆనందం అనే మాట తీసుకుని ఆనందమైడ్ అని పేరు పెట్టింది. అది పట్టుకునే గ్రాహకాల పేరు సీబీ1. జ్ఞాపకం, భయం, ఆకలి, ఒంటి సమతూకం, కాలం గడిచిన భావన, వీటిని చూసుకునే భాగాల్లో అవి దండిగా ఉంటాయి. ఆనందమైడ్ అవసరమైన చోట పుట్టి, త్వరగానే విరిగిపోతుంది. టీహెచ్‌సీ అదే గ్రాహకాన్ని పట్టుకుంటుంది, కానీ అన్నిచోట్లా ఒకేసారి, గంటల తరబడి. ఇప్పుడే చెప్పిన మాట గుర్తుండకపోవడం, ఐదు నిమిషాలు ఒక రోజులా సాగడం, కారణం లేని భయం, అన్నీ అక్కడివే. ఊపిరిని నడిపించే మెదడు కాండంలో ఈ గ్రాహకాలు చాలా తక్కువ, అందుకే హెరాయిన్ లాంటివి ఊపిరి ఆపినట్టు గంజాయి పెద్దవాళ్ళలో ఆపదు. ప్రమాదమేమీ లేదని దీనర్థం కాదు. గుండె జబ్బున్నవాళ్ళకి ఆ దడే ప్రమాదం, మతిభ్రమణ జబ్బులు ఇంట్లో ఉన్నవాళ్ళకి టీహెచ్‌సీ వాటిని రెచ్చగొట్టొచ్చు.

ఇక సీబీడీ. ఇదీ అదే మొక్క సరుకే, విచిత్రమేమిటంటే రెండిట్లోనూ ఉన్న పరమాణువులు అచ్చంగా ఒక్కటే: 21 కార్బన్లు, 30 హైడ్రోజన్లు, 2 ఆక్సిజన్లు. ఒకే పొడవు జడలు రెండు అనుకోండి, ఒకదాన్ని ముడి చుట్టారు, ఇంకోదాన్ని వదిలేశారు. టీహెచ్‌సీలో ఒక వలయం మూసుకుని ఉంటుంది, సీబీడీలో తెరుచుకుని ఉంటుంది. ఆ ఒక్క తేడాతో సీబీడీ అణువు వంగిపోయి సీబీ1లో సరిగ్గా కూర్చోదు. అందుకే మత్తు రాదు. అది పనిచేసేది వేరే చోట్ల. ఎపిడియోలెక్స్ అనే సీబీడీ మందుకు 2018లో అమెరికా అనుమతి ఇచ్చింది, అదీ పిల్లల్లో వచ్చే రెండు మొండి మూర్ఛ జబ్బులకి. ఆ మందు మోతాదు కిలో బరువుకు రోజుకు 10 నుంచి 20 మిల్లీగ్రాములు, అంటే 20 కిలోల పిల్లాడికి రోజుకు 200 నుంచి 400. దుకాణంలో అమ్మే సీబీడీ గమ్మీలో తరచుగా ఉండేది పదో ఇరవయ్యో. ఆ గమ్మీ తిని నిద్ర బాగా పట్టిందంటే నేను కాదనను గానీ, దాన్ని మందు చేసిన పని అనడానికి మాత్రం నాకు నోరు రాదు.

"సీబీడీ కలిస్తే టీహెచ్‌సీ మత్తు తగ్గుతుంది" అన్న మాట బాగా ప్రచారంలో ఉంది. తినే సరుకు విషయంలో ఇది తలకిందులయ్యే అవకాశం కూడా ఉంది. జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 20 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ ఉన్న బ్రౌనీలో 640 మిల్లీగ్రాముల సీబీడీ కలిపి పెట్టి చూశారు, 2023లో ఫలితాలు వచ్చాయి. టీహెచ్‌సీ ఒక్కటే తిన్నప్పటి కంటే మత్తు, కంగారు ఎక్కువయ్యాయి. కారణం మళ్ళీ ఆ చెక్‌పోస్టే. టీహెచ్‌సీని మార్చే కాలేయ ఎంజైములకు సీబీడీ అడ్డం పడుతుంది, దాంతో టీహెచ్‌సీ, 11-హైడ్రాక్సీ రెండూ రక్తంలో నిలవ ఉండిపోతాయి. ఆ ఎంజైములే కరగదీసే వేరే మందులు వాడేవాళ్ళకి, ముఖ్యంగా మూర్ఛ మందులు, రక్తం పల్చబరిచే మందులు వాడేవాళ్ళకి, సీబీడీ అమాయకమైన సరుకేమీ కాదు.

కొలరాడో ఆ కుకీ నుంచి నేర్చుకుంది. 2015 నుంచి అక్కడి తినుబండారాల్లో పది మిల్లీగ్రాముల వాటా విడిగా కనిపించాలి, తుంచడానికి గీతలైనా ఉండాలి, లేదా విడివిడిగా చుట్టాలి. మన దగ్గర 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం మొక్క పూతనీ బంకనీ నిషేధించింది, ఒట్టి ఆకుని వదిలేసింది, భంగు బతికింది ఆ సందులోనే. హైదరాబాద్ చుట్టుపక్కల అప్పుడప్పుడు పట్టుబడే గంజాయి చాక్లెట్లది ఇంకో కథ. రేపరు మీద ఆయుర్వేదం అనో అరుగుదల అనో ఉంటుంది, లోపల ఎన్ని మిల్లీగ్రాములో అమ్మేవాడికీ తెలియదు. పైగా గంజాయి చాక్లెట్ ముద్దలో సమంగా కలవకపోతే ఒకే ప్యాకెట్లో ఒక చాక్లెట్ చప్పగా, పక్కది పది రెట్లుగా ఉండొచ్చు.

ఎవరైనా తెలిసో తెలియకో ఎక్కువ తినేస్తే విరుగుడు మందంటూ లేదు. పక్కన ఒక మనిషి ఉండాలి, బాల్కనీలకీ బండి తాళాలకీ దూరంగా ఉంచాలి, "ఇది తిన్నదాని వల్లే, రేపటికి దిగుతుంది" అని చెబుతూ ఉండాలి, ఎందుకంటే ఆ మాట వాళ్ళకి ఐదు నిమిషాలకోసారి మర్చిపోతుంది. ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం, లేనివి కనిపించడం ఉంటే ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. తిన్నది చిన్నపిల్లలైతే అసలు లక్షణాల కోసం ఎదురుచూడకూడదు, వాళ్ళ ఒంటి బరువుకి పెద్దవాళ్ళ చాక్లెట్ చాలా ఎక్కువ, గాఢ నిద్రలోకి జారిపోయి ఊపిరి మందగించొచ్చు. ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు ఆ రేపరు జేబులో వేసుకోండి, ఎన్ని గంటలకు తిన్నారో చీటీ మీద రాసుకోండి. డాక్టరు మొదట అడిగేది అదే.