చేతులెత్తడం వేరు, చేతులెత్తేయడం వేరు: శరీర భాగాల జాతీయాలపై అపోహలు - వాస్తవాలు

అనువాదాల రాతప్రతులు దిద్దడం నా వృత్తి. వాటిలో గుండె, కాలు, చెయ్యి, తల వచ్చిన జాతీయాల దగ్గర పెన్ను ఆపి రెండోసారి చదువుతాను. తెలుగు బాగా వచ్చినవాళ్ళు కూడా పొరబడే చోటు అది.

అపోహ: ఏ అవయవం పేరు వచ్చిందో చూస్తే భావం పట్టుకోవచ్చు.

వాస్తవం: అవయవం చెప్పేది చాలా తక్కువ. దాని పక్కనున్న క్రియ, విభక్తి, ఏకవచనమా బహువచనమా అన్నదీ కలిస్తేనే అర్థం తేలుతుంది. చెయ్యి, ఎత్తడం అనే రెండు మాటలే తీసుకోండి. ‘తమ్ముడి మీద చెయ్యెత్తాడు’ అంటే కొట్టబోయాడు. ‘ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి’ అంటే నిజంగానే చేతులు పైకి లేవాలి. ‘డాక్టర్లు చేతులెత్తేశారు’ అంటే ఇక తమ వల్ల కాదని చెప్పేశారు. చివరి రెండింటికీ తేడా చివర చేరిన ‘వేయు’ ఒక్కటే. అది తీసేసి ‘డాక్టర్లు చేతులెత్తారు’ అని రాస్తే ఏదో తీర్మానానికి ఓటేసినట్టుంటుంది.

అనుమానం వచ్చినప్పుడు అవయవానికి ముందు ఒక విశేషణం పెట్టి చూస్తాను. ‘ఎడమ కాలు జారింది’ అనగానే తడినేల మాత్రమే గుర్తొస్తుంది, నడత గురించిన అర్థం మాయమైపోతుంది. ‘కుడి చెయ్యి చేసుకున్నాడు’ అని ఎవరూ అనరు, ఎందుకంటే ‘చెయ్యి చేసుకోవడం’ అంటే కొట్టడం అన్న అర్థంలో తప్ప ఆ మాటలు కలిసి బతకవు. విశేషణం పడగానే వాక్యం విరిగినా, మామూలు అర్థంలోకి జారినా అక్కడ జాతీయం ఉన్నట్టే.

క్రియ వ్యతిరేకంలో ఉందా అన్నదీ చూడాలి. ‘పదవి తలకెక్కింది’ అంటే పొగరు. ‘పాఠం తలకెక్కడం లేదు’ అంటే అర్థం కావడం లేదు. ఒకే తల, ఒకే ఎక్కడం, సంబంధం లేని రెండు అర్థాలు.

అపోహ: జాతీయంగా స్థిరపడితే మాటల అసలు అర్థం పోయినట్టే.

వాస్తవం: పోదు, పక్కనే ఉంటుంది. ‘గుండె బరువెక్కింది’ అంటే దుఃఖం అని అందరికీ తెలుసు. ఇంగ్లీషులో కూడా దుఃఖాన్ని బరువైన గుండెగానే చెబుతారు కాబట్టి ఇది అనువాదకుడికి సులువు. కానీ ‘గుండెల మీద బరువుగా ఉంది’ అన్నది దిగులు కావచ్చు, ఒంట్లో బాధ కావచ్చు. ఆ మాట అన్న మనిషికి చెమటలు పడుతూ, ఎడమ చేతిలోకి నొప్పి పాకుతుంటే అది జాతీయం కాదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ‘కడుపు మంట’ కూడా ఇలాంటిదే. ‘వాణ్ణి చూస్తే వీడికి కడుపు మంట’ అన్నప్పుడు ‘చూస్తే’ వల్ల అసూయ అని తేలిపోతుంది. ‘తిన్నాక కడుపులో మంటగా ఉంది’ అంటే మందు కావాలి. సందర్భం ఇవ్వకుండా ‘అతనికి కడుపు మంట’ అని రాసి వదిలేస్తే తప్పు చదివేవాడిది కాదు, రాసినవాడిది.

అపోహ: ఇంగ్లీషు జాతీయానికి సరిసమానమైన తెలుగు జాతీయం వెతికితే చాలు.

వాస్తవం: ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. పెళ్ళికి ముందురోజు వరుడికి ‘కోల్డ్ ఫీట్’ వచ్చిందని మూలంలో ఉందనుకోండి. ‘పాదాలు చల్లబడ్డాయి’ అని రాస్తే తెలుగు పాఠకుడు జబ్బనుకుని కంగారుపడతాడు. ఒళ్ళు, కాళ్ళు చల్లబడడం మనకు ప్రాణం మీదికి వచ్చిన సూచన. అది గమనించిన అనువాదకుడు ‘వెనుకంజ వేశాడు’ అని మారుస్తాడు. వినడానికి బాగుంది, కానీ వెనుకంజ వేయడమంటే వెనక్కి తగ్గడం జరిగిపోయింది. మూలంలోని మాట అంత దూరం పోదు. ఒప్పుకున్నాక, తీరా అడుగు వేయాల్సిన సమయంలో పుట్టే భయం అది. తర్వాతి పేజీలో అతను తాళి కట్టేస్తే కథ తలకిందులవుతుంది. ‘చేతులెత్తేశాడు’ అంటే ఇంకా తప్పు. అందులో ఉన్నది చేతకానితనం, భయం కాదు.

ఇలాంటప్పుడు నేను తర్వాతి పేజీలు తిప్పి, ఆ మనిషి చివరికి ఏం చేశాడో చూస్తాను. పెళ్ళి మానేసి ఉంటే ‘వెనుకంజ వేశాడు’ సరిపోతుంది. చేసుకుని ఉంటే ‘గుండెల్లో గుబులు మొదలైంది’ అంటాను. గుబులు పుట్టినవాడు ఆగిపోవచ్చు, ముందుకూ పోవచ్చు. పేరాలో అప్పటికే గుండె రెండుసార్లు వచ్చి ఉంటే అవయవమే లేకుండా ‘పెళ్ళి టెన్షన్ పట్టుకుంది’ అని రాయడానికి కూడా వెనుకాడను. మూలంలో పాదం ఉంది కాబట్టి తెలుగులో ఏదో ఒక అవయవం ఉండి తీరాలనే పట్టుదలతో పాడైన వాక్యాలు చాలా చూశాను.