టార్గెట్లా, నైపుణ్యాలా? తొలి అప్రైజల్‌పై అపోహలు - వాస్తవాలు

గుంటూరు చుట్టుపక్కల ముప్పై, నలభై మందితో నడిచే కారం మిల్లుల్లో ఇంక్రిమెంట్లు చాలాకాలం యజమాని మనసులోని లెక్క ప్రకారమే సాగుతాయి. తొలిసారి అప్రైజల్ పెట్టి, ఉద్యోగి పనిని టార్గెట్లతో కొలవాలా, నైపుణ్యాలతో కొలవాలా అని ఆలోచించినప్పుడు మాకు ఎక్కువగా వినిపించే అపోహలు ఇవి.

అపోహ: టార్గెట్ అంకెల్లో ఉంటుంది కాబట్టి దానిలో పక్షపాతానికి చోటుండదు.

వాస్తవం: పాత రికార్డు లేనిచోట ఆ అంకె కూడా ఒకరి ఊహే. ఏప్రిల్ నుంచి జూన్ వరకు ఇద్దరు సేల్స్ ఉద్యోగులకు చెరి 60 టన్నులు నిర్ణయించారనుకుందాం. మిర్చి యార్డు వేసవి సెలవులు ఆ వ్యవధిలోనే వస్తాయి. ధర ఎటు పోతుందో తేలేదాకా డీలర్లు ఆర్డర్లు వాయిదా వేస్తుంటారు. మొదటి ఉద్యోగి 45 టన్నులే అమ్మినా, నలుగురు కొత్త డీలర్లను తెచ్చి, బాకీలన్నీ 30 రోజుల్లో వసూలు చేశాడు. రెండో ఉద్యోగి 66 టన్నులు చూపించాడు గానీ, అందులో 20 టన్నులు జూన్ చివరి వారంలో ఒకే పాత డీలరుకు అప్పు మీద దించినవి. కాగితం మీద మొదటివాడికి 75 శాతం, రెండోవాడికి 110 శాతం వచ్చాయి. జూలైలో ఆ డీలరు 12 టన్నులు తిప్పి పంపితే రెండోవాడి అసలు అమ్మకం 54 టన్నులే అవుతుంది, కానీ అప్పటికే ఇన్సెంటివ్ చేతికి అంది ఉంటుంది. అందుకే చివరి వారం బిల్లులను, మరుసటి నెల తిరిగివచ్చిన సరుకును పక్కపక్కన పెట్టి చూడకుండా టార్గెట్‌ను లెక్కించకూడదు. తొలి ఏడాది టన్నులను నమోదు మాత్రమే చేసి, వసూలుకు పట్టిన రోజులు, మళ్లీ ఆర్డరు ఇచ్చిన కొత్త డీలర్ల సంఖ్య వంటి, ఉద్యోగి చేతిలో ఎక్కువగా ఉండేవాటినే లక్ష్యాలుగా పెట్టడం మేలు.

అపోహ: నైపుణ్యాల అంచనా అంటే సూపర్‌వైజరు ఇష్టాయిష్టాలే.

వాస్తవం: "బాగా చేస్తాడు" అని రాసినంతకాలం అది నిజమే. ప్యాకింగ్ మెషిన్ ఆపరేటరుకు నాలుగు స్థాయిలు ఇలా రాయవచ్చు: పక్కన ఒకరుంటే నడుపుతాడు, ఒంటరిగా నడుపుతాడు, ప్యాకింగ్ రోల్ మార్చి బరువు సరిచేసుకుంటాడు, మరొకరికి నేర్పుతాడు. గత మూడు నెలల్లో కళ్లారా చూసిన సంఘటన ఒకటైనా లేకుండా ఏ స్థాయీ ఇవ్వకూడదు. షిఫ్టు ఇన్‌ఛార్జి, మెయింటెనెన్స్ మనిషి విడివిడిగా స్థాయి వేసి, తేడా వచ్చినచోట మాత్రమే చర్చిస్తే చాలు. ఆపరేటరు ఉత్పత్తి కరెంటు కోత మీద, మిరపకాయల తేమ మీద కూడా ఆధారపడుతుంది గనుక అతనికి ఈ పద్ధతే సరిపోతుంది.

అపోహ: అందరికీ టార్గెట్లు, నైపుణ్యాలు రెండూ చెరి సగం కలిపితే గొడవ ఉండదు.

వాస్తవం: అప్పుడు తక్కువ మార్కు ఎందుకొచ్చిందో ఉద్యోగికి ఎవరూ చెప్పలేరు. ఉద్యోగాన్ని బట్టి ఒక పద్ధతిని ప్రధానంగా ఎంచుకోవాలి. నైపుణ్యాల పద్ధతికీ ఒక చిక్కుంది: స్థాయి పెరిగిన ప్రతిసారీ జీతం పెంచితే, రెండు మెషిన్లున్న మిల్లులో ఆరుగురు నాలుగో స్థాయికి చేరి జీతాల బిల్లు పెరుగుతుంది, ప్యాకెట్లు పెరగవు. ఏ మెషిన్‌కు ఏ స్థాయివారు ఎందరు కావాలో ముందే రాసి గోడకు అతికించిన తరువాతే ఇంక్రిమెంట్‌ను స్థాయితో ముడిపెట్టాలి.