ప్లియే అంటే కిందికి దిగడం కాదు: బ్యాలే మాటల చుట్టూ అపోహలు - వాస్తవాలు

బ్యాలే నేర్చుకోవడానికి కొత్తగా వచ్చినవాళ్లు మొదటి వారంలోనే ఒక నోటు పుస్తకంలో అక్కడ వాడే ఫ్రెంచి మాటలకు అర్థాలు రాసుకుంటారు. ప్లియే: కిందికి దిగడం. తాందు: కాలు ముందుకు పెట్టడం. జెతే: దూకడం. నేను ఆ మూడింటినీ ఎర్ర పెన్నుతో కొట్టేస్తాను. పిల్లలు చిన్నబుచ్చుకుంటారు, కానీ ఆ అర్థాలను నమ్మితే తప్పు కాళ్లలోకి దిగిపోతుంది. తర్వాత దాన్ని వదిలించడానికి నెలలు పడుతుంది.

ఉచ్చారణ గురించి ఒక్క మాట. ఇంగ్లిషు వీడియోలు చూసి చాలామంది 'టాండూ' అంటారు. ఫ్రెంచి త, ద మన త, దల్లాగే పళ్లకు తగిలి పలుకుతాయి. కాబట్టి 'తాందు' అంటే మనం అసలుకు దగ్గరగా ఉన్నట్టే. చివరి ఉకారాన్ని మాత్రం పెదవులు సున్నా చుట్టి ఇకారం పలికినట్టు పలకాలి.

అపోహ: ఇవి పనుల పేర్లు. ప్లియే అంటే వంగు, జెతే అంటే దూకు.

ఇవి ఆజ్ఞలు కావు, విశేషణాలు. ప్లియే అంటే 'మడిచిన', తాందు అంటే 'బిగలాగిన', జెతే అంటే 'విసిరిన'. మనం మడిచిన చీర, విసిరిన రాయి అంటామే, సరిగ్గా ఆ తరహా మాటలు. పక్కన ఉండాల్సిన నామవాచకం వాడుకలో జారిపోయింది. తాందు పూర్తి పేరు బాత్‌మాం తాందు. బాత్‌మాం అంటే కొట్టడం, ఒక కాలు బయటికి వెళ్లి తిరిగి వచ్చి రెండో కాలిని తాకడం. జెతే పూర్తి పేరు పా జెతే, అంటే విసిరిన అడుగు. ఏది మడిచింది, ఏది బిగలాగింది, ఏది విసిరింది అని అడగడం మొదలుపెడితే కదలిక సగం అర్థమైపోతుంది.

అపోహ: ప్లియేలో ఎంత కిందికి దిగితే అంత గొప్ప.

ఆ మాటలో 'కింద' అన్న ఊసే లేదు. మడత ఉంది. మోకాళ్లు తలుపు బందుల్లా మడుచుకుంటాయి, వెన్ను నిటారుగానే ఉంటుంది. శరీరం కిందికి రావడం ఆ మడత ఫలితం మాత్రమే. సగం మడత, అంటే దెమీ ప్లియేలో, మడమలు నేల వదలవు. పూర్తి మడతలో మాత్రం మడమలు ఆనుకునే మొదటి స్థానంలోనో పాదాలు ఒకదాని ముందొకటి చేరే అయిదో స్థానంలోనో ఉంటే మడమలు లేస్తాయి, పాదాలు దూరంగా ఉండే రెండో స్థానంలో లేవవు.

కూచిపూడి నేర్చుకుని వచ్చిన పిల్లలతో నాకు ఇక్కడే పేచీ. వాళ్ల అరమండి చూడముచ్చటగా ఉంటుంది. మోకాళ్లు పక్కలకు తెరుచుకోవడం వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. కానీ అరమండిలో దిగి, అక్కడే నిలిచి, ఆ ఎత్తులోనే అడుగులు వేస్తారు. ప్లియేలో ఎక్కడా ఆగరు. కిందికి వెళ్తున్నంతసేపూ మడత పడుతూనే ఉంటుంది, అడుగుకు చేరీ చేరగానే విప్పుకోవడం మొదలవుతుంది. అడుగున ఆగిపోతే తర్వాత వచ్చే గెంతుకు ఊపు ఉండదు. తప్పు పట్టుకోవడం సులువు: పక్కనుంచి చూసినప్పుడు పిరుదులు వెనక్కి పోతే కూర్చుంటున్నారన్నమాట, ఎదురుగా చూసినప్పుడు మోకాలు రెండో వేలికి పైన కాక బొటనవేలికి లోపలి వైపు పడితే పాదాలను బలవంతంగా బయటికి తిప్పారన్నమాట. రెండో తప్పు మోకాళ్లకు ప్రమాదం. అప్పుడు పాదాల కోణం తగ్గించమంటాను. పిల్లలకు అది నచ్చదు.

అపోహ: తాందులో పని చివరి భంగిమలో ఉంది.

ఫొటోలు చూసి కలిగే అభిప్రాయం ఇది. వేలి కొన నేలను తాకుతూ సాగిన కాలు అందంగానే ఉంటుంది. కానీ విల్లు నారిని బిగలాగడానికి ఫ్రెంచివారు ఏ క్రియ వాడతారో ఇక్కడా అదే క్రియ. బిగువు దారి పొడవునా పెరగాలి. పాదం మొత్తం నేలను ఒత్తుతూ కదులుతుంది. మొదట మడమ లేస్తుంది, తర్వాత అరికాలి ముందు భాగం, చివరికి వేళ్లు నిటారుగా సాగుతాయి, వేలి కొన మాత్రం నేలమీదే ఉంటుంది. తిరిగి వచ్చేటప్పుడు అదే వరస తలకిందులు: వేళ్లు, ముందు భాగం, మడమ. నేలకు పాదం రాసుకుంటున్న శబ్దం సన్నగా, తెగకుండా వినిపించాలి. మొదట నిశ్శబ్దం, చివర్లో 'టప్' అని వినిపించిందంటే ఆ పిల్ల కాలును ఎత్తి అవతల పెట్టిందని వెనక్కి తిరిగి ఉన్నా చెప్పగలను.

ఇంకో పరీక్ష ఉంది. కాలు పూర్తిగా సాగాక, 'వేలి కొనను ఒక్క అంగుళం పైకెత్తు' అంటాను. శరీరం కదలకుండా ఎత్తగలిగితే బరువంతా నిలబడ్డ కాలి మీద ఉన్నట్టు. భుజాలు ఒరిగినా, పట్టుకున్న కడ్డీ మీద చెయ్యి బిగిసినా సాగిన కాలి మీద కొంత బరువు వదిలేసినట్టే. బరువు మోస్తున్న కాలు బిగలాగిన కాలు కాదు, ఊతకర్ర.

అపోహ: జెతే అంటే గెంతు.

గెంతిన అనడానికి ఫ్రెంచిలో సొతే అనే మాట విడిగా ఉంది. జెతేలో గెంతు ప్రస్తావన లేదు, కాలును విసరడమే ఉంది. అందుకే కడ్డీ దగ్గర ఒంటికాలి మీద నిలబడి చేసే జెతే కూడా ఉంది: తాందులో సాగిన కాలు ఆ ఊపులోనే నేల వదిలి కాస్త పైకి విసురుగా వెళ్లి ఆగుతుంది. ఎవరూ గెంతరు. ఇదే కదలికను కొన్ని పద్ధతుల్లో గ్లిస్సే, అంటే జారిన, అంటారు. మరికొన్నింటిలో దెగాజే, అంటే విడిపించిన. ఒకరు పాదం నేలమీద జారడాన్ని చూశారు, ఒకరు నేలనుంచి విడివడడాన్ని, ఒకరు విసురును. వేరే బడినుంచి వచ్చిన విద్యార్థి మాట తెలియక తికమకపడితే తప్పు ఆ అమ్మాయిది కాదు.

పెద్ద జెతే, అదే గాలిలో కాళ్లు బారజాపే దృశ్యం, చాలామంది చెడగొట్టేది ఈ అర్థం దగ్గరే. నా విద్యార్థిని ఒకరు పరుగెత్తి వచ్చి ముందు పైకి గెంతేది, గాలిలోకి వెళ్లాక కాళ్లు తెరిచేది. ఎత్తు ఉండేది, దూరం ఉండేది కాదు, కాళ్లు పూర్తిగా తెరుచుకునేలోపు నేల వచ్చేసేది. ఆమెను గెంతడమే మానేయమన్నాను. ఒక కాలి మీద ప్లియే చేసి, రెండో కాలిని నేలకు రాస్తూ ముందుకు విసిరి అక్కడితో ఆగమన్నాను. వారం రోజులు అంతే. తర్వాత ఆ విసురుకు వెనక కాలి తోపు కలిపాం. ఇప్పుడు విసిరిన కాలే ఆమెను లాక్కుపోతుంది, దిగేది కూడా ఆ కాలి మీదే. కాలిని విసరకుండా మోకాలు మడిచి విప్పితే దాని పేరు వేరు, దెవ్లొప్పే, అంటే విప్పిన.

అపోహ: ఫ్రెంచి నిఘంటువు ఉంటే చాలు.

అక్కరకు వస్తుంది, కానీ అన్నిచోట్లా కాదు. బ్యాలే మొదలైంది ఇటలీ రాజాస్థానాల్లో. కేథరీన్ ద మెదిచి 1533లో ఫ్రాన్సు కోడలయ్యాక అక్కడ ఆ వినోదాలు వేళ్లూనుకున్నాయి. 14వ లూయీ 1661లో నృత్య అకాడమీ పెట్టాక మాటలు ఫ్రెంచిలో స్థిరపడ్డాయి. ఇటలీనుంచి వచ్చిన కొన్ని మాటలు మాత్రం ఫ్రెంచి వేషం వేసుకున్నాయి. ఆంత్రషా అనే గెంతు పేరు అందులో ఒకటి. నిఘంటువు తెరిచి విడదీస్తే 'మధ్య', 'పిల్లి' అని వస్తుంది. పిల్లికీ దానికీ సంబంధం లేదు. 'అల్లిన' అనే ఇటాలియన్ మాట ఇన్‌త్రెచాతా చెవిలో పడి అలా మారింది. నిజంగానే గాలిలో కాళ్లు ఒకదాని ముందుకొకటి, వెనక్కొకటి జడలా అల్లుకుంటాయి.

ఆంత్రషా కాత్ర్, అంటే నాలుగు, చేయమంటే పిల్లలు గాలిలో నాలుగుసార్లు కాళ్లు కొట్టాలని తంటాలు పడతారు. గాలిలో కొట్టేది ఒక్కసారే. ముందున్న కాలు వెనక్కి వెళ్లి మళ్లీ ముందుకొస్తుంది, వెనకున్నది ముందుకొచ్చి వెనక్కి వెళ్తుంది. ఒక్కో కాలికి రెండు కదలికలు, రెండు కాళ్లకు నాలుగు. దిగేసరికి మొదట ఏ కాలు ముందుందో అదే ముందుంటుంది. అలా లేకపోతే లెక్క తప్పినట్టు.