ఎడమలో పోయింది, కుడిలో దొరికింది

శ్రీరామనవమి మర్నాడు పొద్దున్నే బాబాయి ఫోన్ చేశాడు. ముందురోజు రాత్రి నల్లకుంటలో మా వీధి పందిట్లో జరిగిన హరికథను నేనే రికార్డు చేసి, ఇంట్లో అందరికీ ఫైల్ పంపి పడుకున్నాను. "ఏం రికార్డు జేసినవ్‌రా? దాసుగారి గొంతే వస్తలేదు. ఏదో చిటపట అంటున్నది, గంతే" అన్నాడు.

నాకు గుండె జారిపోయింది. వెంటనే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. గొంతు, వయొలిన్, మృదంగం, చిడతలు అన్నీ ఉన్నాయి. దాసుగారు గట్టిగా అందుకున్న చోటల్లా గరగర ఉన్న మాట నిజమే. ఇంకో వింత కూడా ఉంది. గొంతు ఎదురుగా ఉన్నట్టు అనిపించడం లేదు, తల చుట్టూ ఎక్కడో పరుచుకున్నట్టు ఉంది. అంతేగానీ కథ మాత్రం మొత్తం వినిపిస్తోంది. మరి బాబాయి ఫోన్‌లో ఏమైంది?

బాబాయిది ఒకే స్పీకరున్న పాత ఫోన్. స్టీరియో ఫైల్‌లో ఎడమకి ఒక తరంగం, కుడికి ఒక తరంగం ఉంటాయి. ఒకే స్పీకరున్న ఫోన్ ఆ రెంటినీ కలిపి ఒకటి చేసి వినిపిస్తుంది. కలపడమంటే నిజంగా కూడికే. ఒక క్షణంలో ఎడమ విలువ 0.3, కుడి విలువ కూడా 0.3 అయితే రెండూ బలపడతాయి. కుడి విలువ −0.3 అయితే మొత్తం సున్నా, అంటే నిశ్శబ్దం. హెడ్‌ఫోన్స్‌లో ఈ కూడిక జరగదు. ఏ చెవికి వెళ్లాల్సింది ఆ చెవికి వెళ్తుంది. ఒక చెవి పొరను లోపలికి నెట్టే క్షణంలో రెండో చెవి పొరను బయటికి లాగుతుంటే, ఆ శబ్దం ఎక్కడినుంచి వస్తోందో మెదడు తేల్చుకోలేదు. గొంతు తల చుట్టూ పరుచుకున్నట్టు అనిపించేది అందుకే.

అనుమానం తీర్చుకోవడానికి అసలు డబ్ల్యూఏవీ ఫైల్‌ని శబ్దాలు దిద్దే ఆడాసిటీ ప్రోగ్రాంలో తెరిచి బాగా జూమ్ చేశాను. చెరువు గట్టున చెట్టు, నీళ్లలో దాని నీడ ఎలా ఉంటాయో అలా ఉన్నాయి రెండు తరంగాలు. ఎడమది పైకి లేచినప్పుడల్లా కుడిది అంతే కిందికి దిగుతోంది. దీన్ని చాలామంది ఫేజ్ తేడా అంటారు గానీ, సరిగ్గా చెప్పాలంటే ఇది పొలారిటీ తిరగబడటం. కాలంలో వెనకా ముందూ ఏమీ లేదు, గుర్తు మాత్రమే మారింది.

ఎందుకు మారిందో, పందిట్లో మైకులన్నీ కలిసే మిక్సర్ నుంచి నా రికార్డర్‌కి వేసిన కేబుల్ చూడగానే అర్థమైంది. మిక్సర్ వెనక ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్‌లో మూడు పిన్నులుంటాయి. ఒకటి గ్రౌండ్, రెండోది సిగ్నల్, మూడోది అదే సిగ్నల్ తిరగేసినది. దారిలో చేరే రొద రెండు తీగల్లోనూ ఒకేలా చేరుతుంది కాబట్టి, అవతలి చివర ఒకదాంట్లోంచి రెండోది తీసేస్తే రొద పోయి సిగ్నల్ మిగులుతుంది. దీన్నే బ్యాలెన్స్‌డ్ లైన్ అంటారు. నా కేబుల్ రెండో చివర 3.5 మిల్లీమీటర్ల స్టీరియో పిన్ ఉంది. కోఠి గుజరాతీ గల్లీలో కొన్నాను. కేబుల్‌లో లోపం లేదు, నేను వాడిన చోటే తప్పు. రెండో పిన్ను ఎడమకీ, మూడో పిన్ను కుడికీ చేరాయి. ఒకే మోనో సిగ్నల్, ఎడమలో సూటిగా, కుడిలో తలకిందులుగా రికార్డయింది.

ఇంతవరకే అయితే మరమ్మతు నిమిషం పని. స్టీరియో ట్రాక్‌ని విడదీసి, కుడిదాన్ని ఎంచుకుని, గుర్తు మార్చే `Invert` నొక్కితే సరిపోతుంది. కానీ నన్ను పట్టుకున్నది బాబాయి చెప్పిన ఆ చిటపట. ఎడమ, కుడి ఒకదాన్నొకటి పూర్తిగా చెరిపేసుకుంటే ఏమీ వినిపించకూడదు కదా, అది ఎక్కడిది?

ఇక్కడ రెండో రోగం బయటపడింది. మిక్సర్ ఇచ్చే లైన్ స్థాయి సిగ్నల్‌ని నేను రికార్డర్ మైక్ సాకెట్‌లో పెట్టాను. మైకు ఇచ్చే బలహీనమైన సిగ్నల్ కోసం చేసిన ఆంప్లిఫయర్ మీద అంత బరువు పడితే అది తట్టుకోలేదు. తన దగ్గరున్న వోల్టేజీ అయిపోయాక తరంగం ఇక పైకి లేవదు, కొండ కొమ్ము నరికినట్టు చదునైపోతుంది. ఇదే క్లిప్పింగ్. ఆ చదును అంచుల దగ్గర పుట్టే కొత్త స్వరాలే మనకు గరగరగా వినిపిస్తాయి.

ఆడాసిటీలో క్లిప్పింగ్‌ను ఎర్ర గీతలతో చూపించే సదుపాయం ఉంది. నా ఫైల్‌లో అది పెద్దగా ఏమీ చూపించలేదు. ఎందుకంటే అది ఫుల్ స్కేల్‌ని, అంటే ఫైల్‌లో పట్టే గరిష్ఠ విలువ 1.0ని తాకిన చోట్లనే పడుతుంది. నా తరంగం 0.60 దగ్గరే, అంటే ఫుల్ స్కేల్ కన్నా 4.4 డెసిబెల్స్ కిందనే చదునవుతోంది. సిగ్నల్ డిజిటల్‌గా మారకముందే, ఆంప్లిఫయర్ దగ్గరే నరుకుడు జరిగిపోయిందన్నమాట. మీటర్ ఎర్రబడలేదు కాబట్టి రికార్డింగ్ బాగుందని అనుకోకూడదు. ఒకే ఎత్తు దగ్గర వరసగా కొమ్ములు తెగాయేమో జూమ్ చేసి కళ్లతో చూడాల్సిందే.

ఇంకో సంగతి. చదును పైవైపే ఉంది. ఒకే వైపు విద్యుత్ సరఫరాతో నడిచే చిన్న ఆంప్లిఫయర్‌లో తరంగం కూర్చునే మధ్యగీత సరిగ్గా మధ్యలో లేకపోతే ఒక వైపు చోటు ముందు అయిపోతుంది. ఇక్కడ పైకి 0.60 దాకానే చోటుంది, కిందికి మాత్రం 1.0 దాకా ఉంది. కుడి ఛానల్‌లోనూ అంతే, పైవైపే చదును. కానీ కుడిలో ఉన్నది తలకిందుల తరంగం. అంటే ఎడమలో తెగిన కొమ్ము కుడిలో కిందివైపు, చదును లేని వైపు, చెక్కుచెదరకుండా ఉండాలి!

"రామా" అన్న పిలుపులో మొదటి అక్షరం దగ్గర ఆగి విలువలు చూశాను. తరంగం ఎత్తును సెకనుకు 48,000 సార్లు కొలిచిన శాంపిళ్లలో వరసగా ఆరు తీసుకుంటే ఎడమలో 0.52, 0.58, 0.60, 0.60, 0.60, 0.60. అక్కడే కుడిలో −0.50, −0.55, −0.63, −0.72, −0.77, −0.74. కుడి ఛానల్ గెయిన్, అంటే సిగ్నల్‌ని పెంచే మోతాదు, కాస్త తక్కువ. ఆ తేడా సరిచేసి గుర్తు మారిస్తే 0.52, 0.58, 0.66, 0.75, 0.81, 0.77 అవుతుంది. నరికేసిన కొండ కొమ్ము మొత్తం దొరికింది. ఊహించి గీసిన కొమ్ము కాదు, పందిట్లో నిజంగా పలికినదే.

బాబాయి విన్న చిటపటకూ ఇదే జవాబు. 0.60 లోపల ఉన్నంతసేపూ ఎడమ, కుడి కలిసి దాదాపు సున్నా అవుతాయి. ఎడమ 0.60 దగ్గర ఆగిపోయి కుడి −0.77 దాకా వెళ్లిన చోట −0.17 మిగులుతుంది. గట్టి అక్షరం పడినప్పుడల్లా తెగిన ఆ ముక్కలే ఫోన్‌లో చిటపటమన్నాయి.

మరమ్మతులో ముందు చేయాల్సింది గెయిన్ సమానం చేయడం. తగ్గుస్వరంలో సాగిన ముప్ఫై సెకన్ల ముక్క తీసుకుని, ఎడమను 0.1 డెసిబెల్ చొప్పున తగ్గిస్తూ ప్రతిసారీ రెంటినీ కలిపి విన్నాను. 0.4 డెసిబెల్స్ తగ్గించినప్పుడు గొంతు పూర్తిగా మాయమై సన్నటి హిస్ మాత్రమే మిగిలింది. ఆ కొలతనే ఫైల్ మొత్తానికీ పెట్టాను. తర్వాత తరంగం పైసగం కుడినుంచి తిరగేసి, కిందిసగం ఎడమనుంచి అలాగే తీసుకోవాలి. ఆడాసిటీలోనే చిన్న చిన్న ఆదేశాలు రాసుకునే `Nyquist Prompt`లో అది ఇంతే:

```
(let ((left (aref *track* 0))
      (right (mult -1 (aref *track* 1))))
  (sum (s-min left 0.0) (s-max right 0.0)))
```

రెండు సగాలూ సున్నా దగ్గర అతుక్కుంటాయి. గెయిన్ సమానం కాకపోతే అతుకు దగ్గర చిన్న మడత పడి కొత్త గరగర పుడుతుంది, అందుకే మొదటి మెట్టు దగ్గర అంత ఓపిక పట్టాలి. ఫైల్ కూడా అసలు డబ్ల్యూఏవీయే కావాలి. ఎంపీ3 చేశాక రెండు ఛానళ్ల విలువలూ కొద్దికొద్దిగా చెదిరి, అద్దంలో బొమ్మలా అంత కచ్చితంగా సరిపోవు.

రెండు గంటల కథలో చాలా భాగం ఇలా శుభ్రమైంది. కానీ సిగ్నల్ కిందివైపు కూడా 1.0ని తాకిన చోట్లున్నాయి. అక్కడ రెండు ఛానళ్లలోనూ కొమ్ము లేదు. ఇక అంచనా వేయాల్సిందే. ఆడాసిటీలోని `Clip Fix` చేసేది అదే. చదునుకు అటూ ఇటూ ఉన్న వాలు చూసి మధ్యలో వంపు గీస్తుంది. దాసుగారి గొంతు 220 హెర్ట్జ్ దగ్గరుంటే ఒక ఆవృత్తికి సుమారు 218 శాంపిళ్లు పడతాయి. అందులో పన్నెండు పోతే ఆ వంపు నిజానికి చాలా దగ్గరగా వస్తుంది, చెవికి తేడా తెలియదు. చిడతల దగ్గర మాత్రం అది కుదరలేదు. వాటి మోతలో 3,000 హెర్ట్జ్, అంతకు మించిన స్వరాలుంటాయి. 3,000 హెర్ట్జ్‌కి ఒక ఆవృత్తి అంటే పదహారు శాంపిళ్లే. ఇరవై శాంపిళ్లు పోతే ఒక మొత్తం ఆవృత్తి, ఇంకా కొంత, ఆ గుంటలో పడిపోయినట్టే. అంచులు చూసి దాన్ని ఎవరూ చెప్పలేరు. అక్కడ `Clip Fix` తీసేసి గరగర అలాగే ఉంచాను. అబద్ధపు నునుపు కన్నా అదే నయమనిపించింది.

కథకు ముందు జరిగిన ఉపన్యాసాలనైతే అసలు ముట్టుకోలేదు. అక్కడ ఒకే వక్త ముందు రెండు మైకులున్నాయి. ఒక మైకు రెండోదానికన్నా 17 సెంటీమీటర్లు దూరమైతే గొంతు దానికి సుమారు అర మిల్లీసెకను ఆలస్యంగా చేరుతుంది. రెండూ కలిస్తే 1,000 హెర్ట్జ్ దగ్గర ఒకటి పైకి, ఇంకొకటి కిందికి ఉండి చెరిపేసుకుంటాయి. మళ్లీ 3,000 దగ్గర, 5,000 దగ్గర అంతే. మధ్యలో 2,000 దగ్గర బలపడతాయి. గొట్టంలోంచి మాట్లాడినట్టు వినిపించేది అందుకే. ఇది పొలారిటీ కాదు, ఆలస్యం, కాబట్టి `Invert` చేస్తే గుంటలు ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారతాయంతే. రెండు మైకులూ వేర్వేరు ట్రాకుల్లో ఉంటే ఆలస్యమైన దాన్ని 24 శాంపిళ్లు ముందుకు జరిపి సరిచేసేవాణ్ని. కానీ కూడిక మిక్సర్‌లోనే అయిపోయింది. పైగా వక్త తల కదిలినప్పుడల్లా గుంటల చోటు మారుతుంది. ఈక్వలైజర్‌తో 1,000 దగ్గర పెంచినా గొంతు లేని చోట పందిరి రొదే పెరుగుతుంది.

ఆ సాయంత్రం కొత్త ఫైల్ పంపితే బాబాయి అదే ఫోన్‌లో కల్యాణ ఘట్టం దాకా విన్నాడు. వచ్చే ఏడాదికి కేబుల్ మార్చి సోల్డర్ చేసిపెట్టాను. మిక్సర్ రెండో పిన్ను ఎడమకీ కుడికీ రెంటికీ, ఒకటో పిన్ను గ్రౌండ్‌కి, మూడోది ఖాళీ. దాన్ని మైక్ సాకెట్‌లో కాకుండా లైన్ సాకెట్‌లో పెట్టాలి. ఈసారి రెండు ఛానళ్లూ ఒకేలా ఉంటాయి కాబట్టి ఒకదాంట్లో తెగింది రెండోదాంట్లో దొరకదు. అందుకే చిడతలు బాగా గట్టిగా వాయించమని అడిగి, ఆ మోత −12 డెసిబెల్స్ దాటకుండా గెయిన్ పెట్టాకే రికార్డింగ్ మొదలుపెడతాను.